ఎమ్మారై రిపోర్టులో ‘రొటేటర్ కఫ్ టియర్’ అని వస్తే: ఆపరేషనా, ఫిజియోథెరపీనా, ఇంజెక్షనా, ఊరుకోవడమా?

అరవై దాటిన మనిషి భుజం నొప్పికి ఎమ్మారై తీయించుకుంటే, రిపోర్టులో, భుజం కండరాన్ని ఎముకకు కలిపే టెండన్ చిరిగిందని చెప్పే ‘సుప్రాస్పైనేటస్ ఫుల్ థిక్‌నెస్ టియర్’ అన్న లైను ఉండటం చాలా మామూలు. దాన్ని ఇంట్లో చదివేసరికి టెన్షన్ మొదలవుతుంది. అమెరికాలో ఉన్న కొడుకు వాట్సాప్‌లో ఫొటో చూసి ‘కండరం తెగిపోయిందట, వెంటనే ఆపరేషన్ చేయిద్దాం’ అంటాడు. పక్కింటాయన ఫిజియోతో తగ్గిందంటాడు. ఇంకొకరు ఒక్క ఇంజెక్షన్‌తో హాయిగా ఉన్నామంటారు. ముగ్గురూ అబద్ధం చెప్పడం లేదు. ముగ్గురి భుజాలూ ఒకలాంటివి కాకపోవడమే తేడా.

నేను ఫిజియోథెరపిస్టుని. కాబట్టి నా మొగ్గు ఎటో మీరు ఊహించగలరు. అది గుర్తుపెట్టుకునే చదవండి. ఆపరేషన్‌ని ఆలస్యం చేయకూడని సందర్భాలేవో కూడా ఇందులో చెప్తాను.

నొప్పి లేని భుజాల్లో ఏం కనిపించింది?

1995లో అమెరికాలో ఒక అధ్యయనం చేశారు. భుజానికి ఏ బాధా లేని 96 మందిని పిలిచి ఎమ్మారై తీశారు. అరవై దాటిన వాళ్లలో 54 శాతం మందికి ఏదో ఒక చిరుగు ఉంది. 28 శాతం మందికి టెండన్ మందం మొత్తం చిరిగి ఉంది. వాళ్లంతా చేతులు మామూలుగా వాడుకుంటున్న వాళ్లే. జపాన్‌లో ఒక గ్రామంలో 664 మందికి అల్ట్రాసౌండ్ చేస్తే దాదాపు 22 శాతం మందిలో పూర్తి మందం చిరుగు కనిపించింది. అలా చిరుగు ఉన్న ప్రతి ముగ్గురిలో ఇద్దరికి నొప్పే లేదు. యాభైకి లోపు వాళ్లలో ఇలాంటి చిరుగులు దొరకలేదు. ఆ తర్వాత దశాబ్దం దశాబ్దానికీ పెరుగుతూ, ఎనభైల్లో ఉన్నవాళ్లలో మూడో వంతు దాటింది.

ఇంకో అధ్యయనంలో, ఒక భుజంలో నొప్పితో కూడిన పూర్తి చిరుగు ఉన్న వాళ్ల రెండో భుజాన్ని కూడా చూశారు. సుమారు 35 శాతం మందికి నొప్పి లేని ఆ భుజంలోనూ అలాంటి చిరుగే ఉంది. అందుకే నాకు రిపోర్టు చూపించే పెద్దవాళ్లతో ‘రెండో భుజానికి కూడా స్కాన్ తీస్తే ఏం వస్తుందో తెలియదు కదా’ అంటుంటాను.

చిరిగినా ఎందుకు నొప్పి రాదు?

రొటేటర్ కఫ్ అంటే భుజం గుండును చుట్టుకుని ఉండే నాలుగు కండరాల టెండన్లు. పైన సుప్రాస్పైనేటస్, ముందు సబ్‌స్కాపులారిస్, వెనక ఇన్‌ఫ్రాస్పైనేటస్, దాని కింద టెరిస్ మైనర్. చెయ్యిని పైకి లేపే పెద్ద పని డెల్టాయిడ్ కండరానిది. అది లాగినప్పుడు గుండు పైకి జారిపోకుండా గిన్నెలోనే నొక్కి పట్టుకోవడం కఫ్ పని. ఈ పట్టుకోవడంలో ముందూ వెనకా ఉన్న రెండు కండరాల జోడీది ముఖ్యపాత్ర. అవి బాగుంటే, పైన సుప్రాస్పైనేటస్‌లో చిన్న రంధ్రం పడినా గుండు తన చోటే తిరుగుతుంది.

పైగా కఫ్‌లో బరువు మోసే మందమైన పట్టీ ఒకటి ఉంటుంది. చాలా చిరుగులు ఆ పట్టీ లోపల ఉండే పలుచటి భాగంలో పడతాయి. నవారు మంచం మధ్యలో రెండు పట్టీలు తెగినా చుట్టూ ఉన్న కోళ్లూ పట్టెలూ గట్టిగా ఉంటే మనిషి కింద పడడు, ఇదీ అంతే. ‘ఫుల్ థిక్‌నెస్’ అంటే పై పొర నుంచి కింది పొర దాకా రంధ్రం పడిందని మాత్రమే. టెండన్ మొత్తం ఎముక నుంచి ఊడిపోయిందని అర్థం కాదు. చాలామంది భయం ఇక్కడే పుడుతుంది.

వయసుతో వచ్చే చిరుగు ఏళ్ల తరబడి నిదానంగా పడుతుంది కాబట్టి మిగతా కండరాలు సర్దుకోవడానికి సమయం దొరుకుతుంది. నొప్పి చాలాసార్లు చిరుగు అంచు నుంచి కాకుండా వాచిన బర్సా అనే పలుచటి నీటి సంచి నుంచో, ముందు వైపు బైసెప్స్ టెండన్ నుంచో, బిగుసుకున్న కీలు పొర నుంచో వస్తుంది. మెడ దగ్గర నొక్కుకున్న నరం కూడా భుజం నొప్పిలా అనిపించవచ్చు. పూర్తి చిరుగు ఉన్న వందలమందిని పరిశీలించిన ఒక అమెరికా బృందం చిరుగు పరిమాణానికీ నొప్పి తీవ్రతకూ పొంతన లేదని తేల్చింది.

అలాగని చిరుగు ఏమీ కాదని కొట్టేయడం కూడా సరికాదు. నొప్పి లేని చిరుగులున్న వాళ్లను ఐదేళ్లపాటు గమనిస్తే, దాదాపు సగం మందిలో చిరుగు పెద్దదైంది. ఇంచుమించు అంతేమందికి కొత్తగా నొప్పి వచ్చింది. చిరుగు పెరిగిన వాళ్లకే నొప్పి ఎక్కువగా వచ్చింది. ‘ఊరుకోవడం’ అన్న దారిలో అప్పుడప్పుడూ పరీక్షించుకోవడం భాగమయ్యేది ఇందుకే.

ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, దెబ్బ తగిలిందా లేదా. బండి మీంచి పడ్డాకో, బాత్రూమ్‌లో జారాకో, భుజం ఊడి మళ్లీ కూర్చున్నాకో చెయ్యి ఉన్నట్టుండి లేవకుండా పోతే, మిగతా వ్యాసం మీకు వర్తించదు. ఒకటి రెండు వారాల్లో భుజం సర్జన్‌ని కలవండి. కొత్తగా తెగిన టెండన్ నెలలు గడిచేకొద్దీ లోపలికి లాక్కుపోతుంది, కండరంలోకి కొవ్వు చేరుతుంది. ఆ తర్వాత కుట్టడం కష్టం. నలభై దాటిన వాళ్లకు భుజం ఊడితే కఫ్ తెగి ఉండే అవకాశం గట్టిగా ఉంటుంది. నరం దెబ్బతిన్నదేమో కూడా చూడాలి.

రెండోది బలం. నొప్పి కాదు, బలం. మోచేతిని నడుముకు ఆనించి, తొంభై డిగ్రీలు వంచి, అరచేతిని బయటికి తోయండి. ఎదుటివాళ్లు అడ్డుపెట్టినా రెండు చేతులూ ఒకేలా నిలబడితే వెనక కండరం పనిచేస్తోందని అర్థం. నొప్పి వల్ల చెయ్యి వదిలేయడం వేరు, నొప్పి పెద్దగా లేకుండానే చెయ్యి కూలిపోవడం వేరు. రెండోది కనిపిస్తే వాయిదా వేయకండి.

మూడోది అన్నిటికన్నా ఎక్కువగా మర్చిపోయేది: వేరేవాళ్లు కదిపినా భుజం కదులుతోందా? అదే భంగిమలో ఎదుటివాళ్లు మెల్లగా చెయ్యిని బయటికి తిప్పాలి. ఎడమది 60 డిగ్రీలు వెళ్లి కుడిది 20 దగ్గరే గోడలా ఆగిపోతే, ఎక్స్‌రేలో కీలు అరుగుదల లేకపోతే, అది కీలు పొర బిగుసుకుపోయే ఫ్రోజెన్ షోల్డర్ కావచ్చు. షుగర్ ఉన్నవాళ్లలో ఇది బాగా ఎక్కువ. జాకెట్టు వెనక హుక్కు పెట్టుకోలేకపోవడం, వెనక జేబులోంచి పర్సు తీయలేకపోవడం దీని మొదటి గుర్తులు. కేవలం కఫ్ చిరిగిన భుజాన్ని వేరేవాళ్లు లేపితే సాధారణంగా పైదాకా వస్తుంది.

నాలుగోది రిపోర్టులోని మిగతా మాటలు. చిరుగు ఎన్ని మిల్లీమీటర్లు, టెండన్ ఎంత లోపలికి లాక్కుపోయింది (రిట్రాక్షన్ అంటారు), కండరంలో కొవ్వు ఎంత చేరింది. ఒక సెంటీమీటరు లోపైతే చిన్నది, మూడు దాకా మధ్యస్థం, ఐదు దాకా పెద్దది, ఆపైన భారీది. కొవ్వుకు గూటాలియే గ్రేడు 0 నుంచి 4 దాకా ఇస్తారు. మూడూ నాలుగూ అంటే కండరంలో సగం లేదా అంతకన్నా ఎక్కువ కొవ్వే. కుట్టినా ఆ కండరం బలంగా తిరిగి రాదు. ‘టెండినోసిస్’, ‘ఏసీ జాయింట్ ఆర్థ్రోపతీ’, ‘టైప్ టూ యాక్రోమియన్’ లాంటివి ఈ వయసులో చాలా రిపోర్టుల్లో ఉంటాయి, వాటి మీద నిర్ణయం ఆధారపడదు.

చివరగా మీ వయసు, మీ చేతి పని. తల కన్నా పైకి చెయ్యెత్తి రోజంతా పని చేసే 52 ఏళ్ల పెయింటరుకూ, మనవళ్లతో గడిపే 74 ఏళ్ల పెద్దాయనకూ ఒకే చిరుగు ఒకే ప్రశ్న కాదు.

నాలుగు దారులు పక్కపక్కన

| దారి | ఎవరికి బాగా నప్పుతుంది | ఏం ఆశించవచ్చు | ఏం కోల్పోవచ్చు |
|---|---|---|---|
| ఊరుకుని గమనించడం | నొప్పి తక్కువ, బలం బాగున్న పెద్దవాళ్లు | ఖర్చు లేదు, పనులు ఆగవు | చిరుగు పెరిగితే ఆలస్యంగా తెలుస్తుంది |
| 12 వారాల ఫిజియో | దెబ్బ లేకుండా వచ్చిన చిరుగు, నొప్పి ఉన్నవాళ్లు | ఎక్కువమందికి నొప్పి తగ్గి వాడకం మెరుగుపడుతుంది | చిరుగు మూసుకోదు, ఓపిక కావాలి |
| స్టెరాయిడ్ ఇంజెక్షన్ | రాత్రి నిద్ర పట్టనివ్వని నొప్పి, ఫ్రోజెన్ షోల్డర్ | కొన్ని వారాల ఉపశమనం | షుగర్ పెరుగుతుంది, పదేపదే వేస్తే టెండన్‌కు మంచిది కాదు |
| చిన్న కోతలతో టెండన్ కుట్టే కీహోల్ రిపేర్ | దెబ్బతో తెగినవి, బలం పడిపోతున్నవి, ఫిజియోతో తగ్గనివి | టెండన్ అతుక్కుంటే బలం, దీర్ఘకాలిక లాభం | 4 నుంచి 6 వారాల స్లింగ్, కోలుకోవడానికి నెలలు, మళ్లీ తెగే అవకాశం |

ఊరుకుని గమనించడం. వేరే కారణంతో తీసిన స్కాన్‌లో చిరుగు బయటపడి, భుజం మామూలుగా ఉంటే ఇదే సరైన దారి. ‘భవిష్యత్తులో పెరుగుతుందేమో’ అని నొప్పి లేని చిరుగును కుట్టించుకోవడం చాలామంది పెద్దవాళ్లకు అనవసరం. కాకపోతే మధ్యలో చెయ్యి బలం తగ్గినా, కొత్తగా రాత్రి నొప్పి మొదలైనా మళ్లీ చూపించుకోవాలి. అరవై లోపు వాళ్లకు, చిరుగు మధ్యస్థంగా ఉంటే, ఏడాదికోసారి అల్ట్రాసౌండ్ చేయిస్తే చాలు. ఎమ్మారై అంత ఖర్చు అక్కర్లేదు.

ఫిజియోథెరపీ. అమెరికాలో దెబ్బ లేకుండా పూర్తి చిరుగు వచ్చిన 400 మందికి పైగా రోగులకు ఒక పద్ధతి ప్రకారం వ్యాయామం చేయించారు. రెండేళ్లలో ఆపరేషన్‌కి వెళ్లినవాళ్లు నాలుగో వంతు కన్నా తక్కువ. వెళ్లినవాళ్లలో చాలామంది మొదటి మూడు నెలల్లోనే నిర్ణయించుకున్నారు. ఆపరేషన్‌కి వెళ్తారా లేదా అన్నది చిరుగు పరిమాణం కన్నా, ‘వ్యాయామంతో తగ్గుతుంది’ అన్న నమ్మకం ఉందా లేదా అన్నదాన్ని బట్టే ఎక్కువగా తేలింది. నమ్మకమే మందు అని చెప్పడం లేదు. నమ్మనివాళ్లు వ్యాయామాన్ని పన్నెండు వారాలు నిలబెట్టలేరు, నేను రోజూ చూసేది అదే.

అసలు ఏం చేయాలి? మొదటి రెండు మూడు వారాలు రోజూ చలనం కోసం: కర్రను రెండు చేతులతో పట్టుకుని మంచి చేత్తో నొప్పి చేతిని లేపడం, భుజం వెనక భాగాన్ని సాగదీయడం. తర్వాత వారానికి మూడు రోజులు ఎలాస్టిక్ బ్యాండుతో బలం కోసం: మోచేతిని నడుముకు ఆనించి బయటికీ లోపలికీ లాగడం, వీపు మీది రెక్క ఎముకలను వెనక్కి దగ్గరికి తేవడం. ముందు డెల్టాయిడ్ బలం కోసం వెల్లకిలా పడుకుని చెయ్యిని పైకి లేపడం మొదలుపెట్టి, అది తేలికయ్యాక కూర్చుని చేయాలి. చేసేటప్పుడు కాస్త నొప్పి ఉన్నా ఆ రాత్రికల్లా సద్దుమణిగితే సరే. మర్నాడు కూడా ఎక్కువగా ఉంటే బ్యాండు రంగు మార్చి తేలికది తీసుకోవాలి. క్లినిక్‌లో కరెంటు పెట్టించుకుని, వేడి కాపించుకుని ఇంటికి వచ్చేయడం ఈ లెక్కలోకి రాదు. మా వృత్తిలో ఇది చాలా చోట్ల జరుగుతుంది. పది సిట్టింగులయ్యాక ‘ఫిజియో చేయించుకున్నాను, తగ్గలేదు’ అంటారు. వాళ్లు వ్యాయామం చేయనేలేదు.

ఇంజెక్షన్. దీన్ని విడి చికిత్సగా కన్నా, వ్యాయామానికి తలుపు తీసే సాధనంగా చూస్తాను. నిద్రే పట్టకపోతే ఏ వ్యాయామమూ సాగదు. ఒక ఇంజెక్షన్‌తో కొన్ని వారాల ఊరట దొరికితే ఆ వారాల్లో వ్యాయామం మొదలుపెట్టాలి. షుగర్ ఉన్నవాళ్లకు కొన్ని రోజులపాటు చక్కెర గణనీయంగా పెరుగుతుంది, ఇంట్లో గ్లూకోమీటరుతో చూసుకుంటూ డాక్టరుతో మందుల గురించి ముందే మాట్లాడుకోవాలి. త్వరలో ఆపరేషన్ అనుకుంటే ఇంజెక్షన్ వద్దు: నెల లోపు కత్తి పెడితే ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. నెలకొకటి చొప్పున వేసుకుంటూ పోవడం మాత్రం చిరిగిన టెండన్‌ని ఇంకా బలహీనపరచడమే. మన రక్తంలోంచే తయారుచేసి వేసే పీఆర్పీ ఇంజెక్షన్‌కి వేలల్లో తీసుకుంటారు, ఫలితాల మీద అధ్యయనాలు ఒకదానికొకటి పొసగవు. నా సలహా అడిగితే ఆ డబ్బు ఉంచుకోమంటాను.

ఆపరేషన్. ఫిన్లాండ్‌లో 55 దాటినవాళ్లలో, దెబ్బ లేకుండా సుప్రాస్పైనేటస్ చిరిగిన 180 భుజాలను మూడు గుంపులుగా చేసి ఒకరికి వ్యాయామం, ఒకరికి భుజం పైన ఉండే యాక్రోమియన్ ఎముకను గీకి వ్యాయామం, మూడోవారికి టెండన్ కుట్టి వ్యాయామం ఇచ్చారు. రెండేళ్లకు ముగ్గురి మధ్యా చెప్పుకోదగ్గ తేడా లేదు. అక్కడితో ఆగితే నా వృత్తికి అనుకూలంగా ఉంటుంది. కానీ నార్వేలో 103 మందిపై జరిగిన అధ్యయనం ఇంకా దూరం వెళ్లింది. మూడు సెంటీమీటర్ల లోపు చిరుగులవి. ఐదేళ్ల దాకా రెండు గుంపులకీ తేడా తక్కువే. పదేళ్లకు ఆపరేషన్ చేయించుకున్న వాళ్లు మెరుగ్గా ఉన్నారు. కుట్టని వాళ్లలో మూడో వంతుకు పైగా మందిలో ఐదేళ్లలో చిరుగు అర సెంటీమీటరు దాటి పెరిగింది, వాళ్ల ఫలితాలు తగ్గాయి.

అంటే ఇంకా ఇరవై ఏళ్లు చేత్తో కష్టపడాల్సిన మనిషికి కుట్టించుకోవడంలో అర్థం ఎక్కువ. డెబ్బై ఐదేళ్ల వాళ్లకు అదే వాదన పలచబడుతుంది, ఎందుకంటే వయసుతో పాటు కుట్టు నిలవకపోవడం కూడా పెరుగుతుంది. పొగ, అదుపులో లేని షుగర్, గ్రేడు 3 దాటిన కొవ్వు కూడా అదే వైపు తూస్తాయి. చిత్రమేమిటంటే, కుట్టు ఊడిపోయిన వాళ్లలో కూడా చాలామందికి నొప్పి తగ్గుతుంది, బలం మాత్రం అంతగా రాదు.

చిరుగు లేకుండా ‘యాక్రోమియన్ ఎముక రాసుకుంటోంది, గీకేద్దాం’ అంటే జాగ్రత్త. 2018లో బ్రిటన్, ఫిన్లాండ్‌లలో వెలువడిన రెండు పెద్ద అధ్యయనాల్లో ఎముక గీకిన వాళ్లకూ, కేవలం కెమెరా పెట్టి చూసి మూసేసిన వాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

ఆపరేషన్‌కి ఒప్పుకునే ముందు సర్జన్‌ని మూడు అడగండి: ఎన్నాళ్లు స్లింగ్? వంట, బండి ఎప్పుడు? నా వయసులో ఈ సైజు చిరుగు అతుక్కునే అవకాశం ఎంత? సాధారణంగా ఆరో వారం దాకా చెయ్యిని సొంతంగా లేపనివ్వరు, పన్నెండో వారం దాకా బరువు లేదు, పూర్తిగా కోలుకోవడానికి ఆరు నెలల నుంచి ఏడాది. ఇంట్లో ఒంటరిగా ఉండే వాళ్లకు ఈ మొదటి ఆరు వారాలే అసలు ప్రశ్న.

ఒక రిపోర్టు, రెండు నిర్ణయాలు

రిపోర్టు ఇలా ఉందనుకుందాం, వివరాలు నేను కల్పించినవే: సుప్రాస్పైనేటస్‌లో 12 మిల్లీమీటర్ల పూర్తి చిరుగు, రిట్రాక్షన్ స్వల్పం, కొవ్వు గ్రేడు 1, మిగతా మూడు టెండన్లూ బాగున్నాయి, బర్సాలో నీరు.

మొదటి మనిషి 64 ఏళ్ల రిటైర్డ్ టీచరమ్మ, పదేళ్లుగా షుగర్. దెబ్బ ఏదీ లేదు, నాలుగు నెలలుగా రాత్రి నొప్పి, జడ వేసుకోవడం రావట్లేదు. బయటికి తోసే బలం రెండు వైపులా సమానం. కానీ ఎదుటివాళ్లు తిప్పినా కుడి భుజం 20 డిగ్రీల దగ్గర ఆగిపోతోంది. ఎక్స్‌రే బాగుంది. ఇక్కడ రిపోర్టులో ఉన్న చిరుగు ఆమె బాధకు కారణం కాకపోవచ్చు. ఫ్రోజెన్ షోల్డర్ లక్షణాలు కళ్లముందే ఉన్నాయి. ఎమ్మారైలో పెద్ద అక్షరాలతో కనిపించేది చిరుగు కాబట్టి అందరూ దాన్నే పట్టుకుంటారు. బిగుసుకున్న భుజాన్ని కుట్టి ఆరు వారాలు స్లింగ్‌లో పెడితే ఇంకా బిగుస్తుంది. కీలులోకి ఒక ఇంజెక్షన్, షుగర్ గమనింపు, నొప్పి భరించగలిగినంత మేరకు సాగదీసే వ్యాయామం, ఓపిక. ఫ్రోజెన్ షోల్డర్ నెలల తరబడి సాగుతుంది, ముందే చెప్పాలి. చలనం తిరిగొచ్చాక చెయ్యెత్తడంలో బలం తక్కువగా మిగిలితే అప్పుడు చిరుగు గురించి మళ్లీ ఆలోచించవచ్చు.

రెండో మనిషి 56 ఏళ్ల కార్పెంటరు. రెండు వారాల క్రితం స్కూటర్ జారి పడ్డాడు. అప్పటినుంచి చెయ్యి భుజం ఎత్తు దాటడం లేదు. వేరేవాళ్లు లేపితే పైదాకా వస్తోంది, వదిలేస్తే పడిపోతోంది. అవే 12 మిల్లీమీటర్లు, అదే గ్రేడు 1. కొవ్వు ఇంకా పెద్దగా చేరలేదు కాబట్టి ఇది కుట్టడానికి మంచి సమయం. ఇతన్ని నా దగ్గర మూడు నెలలు బ్యాండుతో ఆడించను. అదే వారం సర్జన్ దగ్గరికి పంపుతాను. సెలవు, సంపాదన సమస్య అయితే దాని గురించి సర్జన్‌తోనే తేదీ మాట్లాడుకోవాలి గానీ, సంక్రాంతి దాటాక చూద్దామని నాలుగైదు నెలలు తోసేయకూడదు.

మీ రిపోర్టు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్తే, స్కాన్ ఫిల్ము ముందు పెట్టి కూర్చునే ముందు ‘నా చెయ్యిని తిప్పి చూస్తారా, బలం పరీక్షిస్తారా’ అని అడగండి. పడుకుని కదలకుండా తీసిన ఎమ్మారై ఆ రెండింటినీ చూపించలేదు. ముట్టుకోకుండానే ఆపరేషన్ తేదీ చెప్తే ఇంకో అభిప్రాయం తీసుకోండి. అలాగే, పరీక్షించకుండా ‘వయసు వల్లే, ఏమీ లేదు’ అని పంపేసినా.